మూడు నెలల వడ్డీని ప్రతి నెలా జీతంలా ఎలా వాడుకోవాలి

ప్రశ్న: మా నాన్నగారు ఆగస్టు నెలాఖరుకి రిటైర్ అయ్యారు. 60 నిండాయి. పీఎఫ్, గ్రాట్యుటీ అన్నీ కలిపి 40 లక్షలు వచ్చాయి. పెన్షన్ నెలకు 3 వేలే. ఇంటి ఖర్చు 25 వేలు. ప్రతి నెలా చేతికి డబ్బు రావాలంటే బ్యాంకులో నెలవారీ వడ్డీ ఎఫ్‌డీ వేసుకోమంటున్నారు. సీనియర్ సిటిజన్ స్కీమ్ అయితే మూడు నెలలకోసారి వడ్డీ కాబట్టి వద్దంటున్నారు. అమ్మకు 57 ఏళ్లు. ఏది మంచిది?

జవాబు:

నేను ఇరవై ఏళ్లకు పైగా బ్యాంకులో డిపాజిట్ల కౌంటర్‌లో పనిచేశాను. "మూడు నెలలకోసారి వడ్డీ అయితే మాకు కుదరదండీ" అని మంచి స్కీమ్ వదిలేసుకున్న పెద్దవాళ్లను చాలామందిని చూశాను. మీ నాన్నగారు ఆ పొరపాటు చేయకూడదని వివరంగా రాస్తున్నాను.

ముందు బ్యాంకు నెలవారీ వడ్డీ సంగతి చూద్దాం. బ్యాంకు ఎఫ్‌డీ మీద వడ్డీని మూడు నెలల లెక్కన కడతారు. మీరు దాన్ని నెలనెలా కావాలంటే, ముందే ఇస్తున్నందుకు కొంచెం తగ్గించి ఇస్తారు. సీనియర్ సిటిజన్ రేటు 7 శాతం అనుకోండి. 10 లక్షల మీద ఏడాదికి 70 వేలు, అంటే నెలకు 5,833 రావాలని అందరూ లెక్క వేసుకుంటారు. ఖాతాలో పడేది 5,800. ముప్ఫై మూడు రూపాయలు ఎక్కడికి పోయాయని ప్రతి నెలా కౌంటర్‌కి వచ్చి అడిగేవాళ్లు ఉండేవారు. అది కోత కాదు, లెక్కే అంత. 40 లక్షలూ అలా వేస్తే నెలకు 23,200 వస్తుంది. పైగా ఒక బ్యాంకులో ఒక మనిషి పేరున ఉన్న డిపాజిట్లకు అసలు, వడ్డీ కలిపి 5 లక్షల వరకే డిపాజిట్ ఇన్సూరెన్స్ ఉంటుంది. జీవితకాలం సంపాదన మొత్తం ఒకే బ్యాంకులో పెట్టే ముందు ఈ మాట గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్. ఇది కేంద్ర ప్రభుత్వ పథకం. పోస్టాఫీసులోనూ, చాలా బ్యాంకుల్లోనూ తెరవచ్చు. బ్యాంకులో తెరిచినా డబ్బు చేరేది ప్రభుత్వానికే, బ్యాంకు మధ్యలో ఏజెంట్ మాత్రమే. కాబట్టి ఆ 5 లక్షల ఇన్సూరెన్స్ పరిమితి గురించి ఇక్కడ టెన్షన్ అక్కర్లేదు. 2023 ఏప్రిల్ నుంచి ఒక మనిషికి గరిష్ఠంగా 30 లక్షలు పెట్టుకోనిస్తున్నారు. అంతకుముందు 15 లక్షలే ఉండేది. వడ్డీ రేటు కూడా అప్పటి నుంచి 8.2 శాతం దగ్గరే ఉంది. ప్రభుత్వం మూడు నెలలకోసారి రేటును సమీక్షిస్తుంది కానీ, మీరు డిపాజిట్ వేసిన రోజున ఏ రేటు ఉందో అదే అయిదేళ్లూ నడుస్తుంది. తర్వాత రేటు తగ్గినా మీకు తగ్గదు, పెరిగినా మీకు పెరగదు. 2021లో 7.4 శాతానికి వేసినవాళ్లు, పక్కవాళ్లకు 8.2 వస్తున్నా, అయిదేళ్లు అయ్యేదాకా 7.4 మీదే ఉన్నారు.

30 లక్షలకు 8.2 శాతం అంటే ఏడాదికి 2,46,000. మూడు నెలలకు 61,500. నెలకు పరిచి చూస్తే 20,500. మిగిలిన 10 లక్షల్లో 9 లక్షలు పోస్టాఫీసు మంత్లీ ఇన్‌కమ్ స్కీమ్‌లో వేస్తే, అక్కడ 7.4 శాతం, నెలకు 5,550 వస్తుంది. రెండూ కలిపి నెలకు 26,050. బ్యాంకు ఎఫ్‌డీ కంటే నెలకు 2,850 ఎక్కువ, అదీ ఒక లక్ష చేతిలో విడిగా ఉంచుకున్నాక. అయిదేళ్లలో ఈ తేడా లక్షా 71 వేలు. కేవలం నెలనెలా పడటం లేదన్న కారణంతో ఇంత డబ్బు వదులుకోవడం నాకు బాధగా ఉంటుంది.

మరి నెలనెలా ఎలా? ఇక్కడ చాలామంది ఒక సలహా ఇస్తారు. మూడు ఖాతాలు తెరవండి, ఒకటి ఈ నెల, ఒకటి వచ్చే నెల, మూడోది ఆ పై నెల, అప్పుడు ప్రతి నెలా ఏదో ఒక ఖాతా నుంచి వడ్డీ వస్తుంది అంటారు. బ్యాంకు ఎఫ్‌డీల విషయంలో ఇది పనిచేస్తుంది. సీనియర్ సిటిజన్ స్కీమ్‌లో పనిచేయదు. ఇందులో వడ్డీ మీరు వేసిన తేదీని బట్టి రాదు. మార్చి, జూన్, సెప్టెంబరు, డిసెంబరు నెలాఖరు వరకు లెక్కకట్టి, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబరు 1, జనవరి 1 తేదీల్లో ఇస్తారు. మీరు ఏ నెలలో వేసినా అన్ని ఖాతాల వడ్డీ అదే రోజు పడుతుంది. అలా మూడు నెలలు ఆగి ఆగి వేసినవాళ్లకు జరిగిందల్లా రెండు నెలల వడ్డీ తగ్గడమే.

నెల జీతంలా చేసుకునే దారి వేరే ఉంది. ఆ విడిగా ఉంచిన లక్ష రూపాయలే దానికి ఆధారం. అది ముందు నుంచే సేవింగ్స్ ఖాతాలో ఉంటుంది. ఇంటి ఖర్చు దానిలోంచి నెలనెలా వెళుతుంది, మూడు నెలలకోసారి వడ్డీ వచ్చి ఆ గుంటను పూడుస్తుంది. మీ నాన్నగారి లెక్కలోనే చూపిస్తాను.

30 లక్షలను రెండు ముక్కలు చేయండి. పెన్షన్ పడే బ్యాంకులో 20 లక్షలు, పోస్టాఫీసులో 10 లక్షలు. ఎందుకు ముక్కలు చేయాలో తర్వాత చెబుతాను. 9 లక్షల మంత్లీ ఇన్‌కమ్ స్కీమ్ కూడా అదే పోస్టాఫీసులో. విడిగా ఉంచిన లక్షలో 60 వేలు బ్యాంకు సేవింగ్స్‌లో, 40 వేలు పోస్టాఫీసు సేవింగ్స్‌లో ఉంచండి. ఇంటికి కావలసిన 25 వేలలో 15 వేలు బ్యాంకు నుంచి, 10 వేలు పోస్టాఫీసు నుంచి తీసుకుంటారు. బ్యాంకులో స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ ఇస్తే ప్రతి నెలా 1వ తేదీన 15 వేలు ఇంటి ఖర్చుల ఖాతాకు దానంతట అదే వెళుతుంది. ఆ ఖాతా మీ అమ్మగారి పేరున ఉంటే ఇంకా సుఖం.

సెప్టెంబరు 10న డిపాజిట్లు వేశారనుకుందాం. చెక్కు ఇస్తే అది పాసైన తేదీయే లెక్క. అక్టోబరు 1న బ్యాంకు ఖాతాలో వడ్డీ పడుతుంది కానీ 41 వేలు కాదు. సెప్టెంబరులో 21 రోజులకే కాబట్టి సుమారు 9,400 పడుతుంది. ఈ మొదటి వడ్డీ చూసి "మోసపోయాం" అని కంగారుపడి నా దగ్గరకు వచ్చినవాళ్లు ఉన్నారు. మీ నాన్నగారికి ముందే చెప్పి ఉంచండి. అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలలకు 15 వేల చొప్పున 45 వేలు బయటకు వెళతాయి. మూడు నెలల పెన్షన్ 9 వేలు వస్తుంది. 60 వేలతో మొదలుపెడితే డిసెంబరు చివరికి ఖాతాలో 33 వేల చిల్లర మిగులుతుంది. జనవరి 1న పూర్తి 41 వేలు వచ్చి కలుస్తాయి. అక్కడి నుంచి ప్రతి మూడు నెలలకూ 41 వేల వడ్డీ, 9 వేల పెన్షన్ వస్తాయి, 45 వేలు వెళతాయి. ఖాతా ఎప్పుడూ 33 వేల కిందకు దిగదు. నెలనెలా జీతం అంటే ఇదే కదా.

పోస్టాఫీసు వైపు మంత్లీ ఇన్‌కమ్ స్కీమ్ వడ్డీ డిపాజిట్ వేసిన తేదీకి నెల నిండాక పడుతుంది. సెప్టెంబరు 10న వేస్తే అక్టోబరు 10న మొదటి 5,550. దానికి తోడు మూడు నెలలకోసారి 20,500. నెలకు సగటున 12 వేల పైన వస్తుంటే 10 వేలే తీస్తారు. ఆ మిగిలేదాన్ని ఏం చేయాలో కింద రాశాను.

ఇందులో ఒక్కచోట గట్టిగా జాగ్రత్తపడాలి. ఖాతా తెరిచే ఫారంలో, వడ్డీ ఏ సేవింగ్స్ ఖాతాకు వెళ్లాలో రాయించి, అది కంప్యూటర్‌లో లింక్ అయిందో లేదో అడిగి చూడాలి. 2022 ఏప్రిల్ నుంచి పోస్టాఫీసుల్లో ఈ పథకాల వడ్డీని నగదుగా చేతికి ఇవ్వడం లేదు. ఖాతాలోనే వేస్తారు. లింక్ లేకపోతే ఆ వడ్డీ ఆఫీసు వాళ్ల సండ్రీ ఖాతాలోకి పోయి కూర్చుంటుంది. మా బాబాయికి ఇదే జరిగింది. 15 లక్షలు వేశారు, పాస్‌బుక్ ఇంటికి తెచ్చి బీరువాలో పెట్టారు. ముసలితనంలో ఎవరినీ అడగడం ఇష్టం లేక, పడుతూనే ఉంటుందిలే అనుకున్నారు. నేను పండక్కి ఊరు వెళ్లినప్పుడు సేవింగ్స్ పాస్‌బుక్ తీసి చూస్తే మూడు క్వార్టర్ల నుంచి ఒక్క ఎంట్రీ లేదు. క్వార్టర్‌కి 30,750 చొప్పున 92,250 రూపాయలు ఎక్కడో ఆగిపోయి ఉన్నాయి. దరఖాస్తు పెట్టి, లింక్ చేయించాక ఆ డబ్బు పైసాతో సహా వచ్చింది. కానీ ఆ తొమ్మిది నెలలు ఆ డబ్బు మీద ఒక్క రూపాయి వడ్డీ రాలేదు. ఈ స్కీమ్‌లో తీసుకోని వడ్డీ మీద వడ్డీ ఉండదు. అప్పట్లో పిన్ని మందులకు ఆయన తెలిసినవాళ్ల దగ్గర చేబదులు తీసుకున్నారని తర్వాత తెలిసి నాకు కడుపు తరుక్కుపోయింది. అందుకే చెబుతున్నాను, అక్టోబరు మొదటి వారంలో మీరే వెంట వెళ్లి రెండు చోట్లా పాస్‌బుక్ ప్రింట్ వేయించండి. ఆ మొదటి ఎంట్రీ కనిపిస్తే దారి సరిగ్గా పడినట్టే.

ఇక ముక్కలు ఎందుకంటే. ఈ స్కీమ్‌లో కావలసినంత తీసుకుని మిగతాది ఉంచడం కుదరదు. తీస్తే ఖాతా మొత్తం మూసేయాలి. ఏడాది లోపు మూస్తే అప్పటిదాకా ఇచ్చిన వడ్డీ అంతా అసలులోంచి పట్టుకుంటారు. ఏడాది దాటి రెండేళ్ల లోపు అయితే అసలులో ఒకటిన్నర శాతం, రెండేళ్లు దాటితే ఒక శాతం కోస్తారు. ఏడాదిన్నరకు ఆస్పత్రి ఖర్చుకు 6 లక్షలు కావలసి వచ్చిందనుకోండి. 30 లక్షలూ ఒకే ఖాతాలో ఉంటే 45 వేలు పోతాయి, ఆపైన మిగతా 24 లక్షల మీద కూడా పాత రేటు పోతుంది. విడిగా 10 లక్షల ఖాతా ఉంటే దాన్ని ఒక్కటే మూయొచ్చు, పోయేది 15 వేలు. రెండో ఖాతా కదలదు. మంత్లీ ఇన్‌కమ్ స్కీమ్‌ను అయితే మొదటి ఏడాది అసలు మూయనివ్వరు, మూడేళ్ల లోపు మూస్తే రెండు శాతం కోస్తారు. కాబట్టి అవసరం వచ్చినప్పుడు మొదట ముట్టుకోవాల్సింది ఆ 10 లక్షల ఖాతానే. హెల్త్ ఇన్సూరెన్స్ లేకపోతే ముందు దాని సంగతి చూసి, ఆ తర్వాతే డిపాజిట్లకు రండి.

టీడీఎస్ దగ్గర ఇంకొకటి. ఒక చోట సీనియర్ సిటిజన్‌కు ఏడాదికి వడ్డీ లక్ష దాటితే పది శాతం టీడీఎస్ పట్టుకుంటారు. మీ లెక్కలో పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ స్కీమ్ వడ్డీ 82 వేలే. బ్యాంకులో మాత్రం ఏప్రిల్ నుంచి పూర్తి సంవత్సరం మొదలైతే 1,64,000 అవుతుంది. అప్పుడు 41,000 పడాల్సిన చోట 36,900 పడితే టీడీఎస్ పోయిందని అర్థం. కొత్త పన్ను విధానంలో 12 లక్షల ఆదాయం వరకు పన్ను లేదు కాబట్టి మీ నాన్నగారికి కట్టాల్సింది సున్నా. ఆ మాటే రాసి ఇచ్చే ఫారాన్ని, అందరూ 15హెచ్ అంటారు, ఏప్రిల్ మొదటి వారంలోనే బ్యాంకులో ఇవ్వండి. ఒకసారి ఇస్తే అయిదేళ్లకు సరిపోదు, ప్రతి ఏడాదీ ఇవ్వాలి. మర్చిపోతే డబ్బు పోదు, రిటర్న్ వేసి తెచ్చుకోవచ్చు. కానీ నెల ఖర్చుకు లెక్క కట్టుకున్న డబ్బు నెలల తరబడి ఆగిపోతుంది.

అమ్మగారి వయసు 57 అన్నారు. ఇది చాలామంది చూసుకోని విషయం. బ్యాంకులో, పోస్టాఫీసులో స్కీమ్ ఖాతా భార్యతో జాయింట్‌గా తెరవచ్చు, ఆమె వయసుతో పని లేదు. అయితే, చెప్పడం కష్టంగానే ఉన్నా చెప్పక తప్పదు, మీ నాన్నగారికి ఏదైనా అయితే ఆ ఖాతాను అమ్మగారు అలాగే కొనసాగించాలంటే ఆ రోజుకు ఆమెకు కూడా ఈ స్కీమ్‌లో చేరే అర్హత ఉండాలి. 60 నిండకపోతే ఖాతా మూసి డబ్బు తీసుకోవాల్సిందే. పోయిన రోజు నుంచి మూసే రోజు వరకు 8.2 రాదు, పోస్టాఫీసు సేవింగ్స్ రేటు, అంటే 4 శాతమే ఇస్తారు. ఈ సంగతి తెలియక నెలల తరబడి ఖాతా అలాగే వదిలేసి, తర్వాత వచ్చిన వడ్డీలో తేడా వెనక్కి పట్టుకుంటే విస్తుపోయిన కుటుంబాలు ఉన్నాయి. కాబట్టి ఈ మూడేళ్లకు అమ్మగారికి అండ మంత్లీ ఇన్‌కమ్ స్కీమ్. దాన్ని తప్పనిసరిగా ఇద్దరి పేరునా తెరవండి. అందులో ఎవరు మిగిలితే వాళ్ల పేరున ఖాతా నడుస్తుంది, నెలకు 5,550 ఆగదు. స్కీమ్ ఖాతాలు కూడా జాయింట్‌గానే పెట్టి నామినీ రాయించండి. ఆమెకు 60 నిండాక ఆ ఖాతాలు కూడా ఆమె కొనసాగించుకోవచ్చు, అప్పటికి ఆమె పేరున వేరే స్కీమ్ ఖాతా లేకపోతే.

ఇంకొక్క మాట. ఈ 26,050 అయిదేళ్లూ 26,050 గానే ఉంటుంది. కూరగాయలు, మందులు, కరెంటు బిల్లు అలా ఉండవు. ఏడాదికి ఆరు శాతం పెరిగితే ఇవాళ్టి 25 వేల ఖర్చు అయిదేళ్లకు 33 వేలు దాటుతుంది. పెన్షన్‌తో కలిపి ఇప్పుడు నెలకు 29 వేలు వస్తాయి కాబట్టి, మొదటి రోజుల్లో మిగిలే నాలుగు వేలను ఖర్చులో కలిపేయకండి. పోస్టాఫీసులో మిగిలేదానిలో నెలకు 2 వేలతో అక్కడే రికరింగ్ డిపాజిట్ కట్టండి. 6.7 శాతం రేటుకు అయిదేళ్లలో లక్షా 42 వేల పైన అవుతుంది. బ్యాంకులో మిగిలే పదహారు వందల చిల్లర ఆ లక్ష రూపాయల నిల్వలోనే చేరనివ్వండి, మూడో ఏడు నుంచి ఖర్చు పెరిగినప్పుడు అది కాస్తుంది.

డబ్బు ఇప్పుడు సేవింగ్స్‌లో పడి ఉంటే వెంటనే వెళ్లండి. 30 లక్షల మీద 8.2కీ, సేవింగ్స్ వడ్డీకీ మధ్య తేడా రోజుకు మూడు వందల పైనే. ఆధార్, పాన్, రెండు ఫొటోలు, చెక్కుబుక్కు తీసుకెళితే చాలు. అమ్మగారిని కూడా వెంట తీసుకెళ్లండి, జాయింట్ ఖాతాకు ఆమె సంతకం కావాలి.